పక్కనే ఉన్నా పలకని ప్రింటర్

పొట్టంగిలో మా బావ జిరాక్సు షాపులో కొత్త రూటరు పెట్టిన మర్నాడే ప్రింటర్ మొరాయించింది. నేను సాలూరు నుంచి సుంకి ఘాటెక్కి వెళ్లేసరికి కౌంటరు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు.

"నెట్టు బాగానే వస్తంది బావా, ప్రింటే రాటం లేదు" అన్నాడు. డ్రైవరు రెండుసార్లు తీసి మళ్లీ వేశాడట. నాకు అనుమానం ప్రింటర్ మీద కాదు, రూటరు మీదే కలిగింది. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ రిపోర్టు కాగితం తీస్తే దాని అడ్రసు 192.168.1.20 అని ఉంది, అంటే వైఫైకి కలిసే ఉంది. లాప్‌టాప్‌లో రెండు కమాండ్లు కొట్టాను:

```
ping 192.168.1.1
ping 192.168.1.20
```

మొదటిది రూటరు, వెంటనే జవాబిచ్చింది. రెండోదానికి Destination host unreachable. ప్రింటర్ వెలుగుతూనే ఉంది, లాప్‌టాప్‌కి మూరెడు దూరంలో. అయినా వైఫైలో ఒక పరికరం మాట ఇంకోదానికి రూటరు గుండానే చేరాలి. AP Isolation టిక్కు ఉంటే రూటరు ఇంటర్నెట్‌కు దారి ఇస్తుంది గానీ, వైఫై మీదున్న రెండింటి మధ్య మాట చేరవేయదు. 'ఇక్కడ ప్రింటర్ ఎవరు?' అని ఫోను వేసే కేక కూడా అక్కడే ఆగిపోతుంది. అందుకే జాబితాలో ప్రింటర్ పేరే కనబడదు. సెట్టింగుల్లో చూస్తే ఆ టిక్కు ఉంది.

తీసేస్తే పని అయిపోయేది. నాకు చెయ్యి రాలేదు. బావ వైఫై పాస్‌వర్డు గోడ మీద రాసి ఉంటుంది, వచ్చినవాళ్లంతా వాడుకుంటారు. అదే వైఫైలో ఉన్న లాప్‌టాప్‌లో షేర్ చేసిన ఫోల్డరు నిండా ఊరివాళ్ల ఆధార్ కాపీలు, భూమి కాగితాలు. టిక్కు తీస్తే ఎవరి ఫోనైనా ఆ లాప్‌టాప్ తలుపు తట్టగలదు. ఊరు నమ్మి ఇచ్చిన కాగితాలవి.

అందుకని టిక్కు ఉంచేసి, ప్రింటర్‌ని రూటరుకు కేబుల్‌తో కలిపాను. చాలా చిన్న రూటర్లలో ఈ అడ్డు వైఫైకీ వైఫైకీ మధ్యే, తీగ మీదున్నదానికి వర్తించదు. గెస్ట్ నెట్‌వర్కు అయితే ఈ ఉపాయం పారదు. అది తీగవైపునూ మూసేస్తుంది. కేబుల్ పెట్టాక ప్రింటర్ అడ్రసు 192.168.1.23కి మారింది, లాప్‌టాప్‌లో దాన్ని సరిచేసేదాకా పాత అడ్రసుకే పంపుతూ కూర్చుంది.

వరసలో ముందున్న అమ్మ ఒడియాలో ఉన్న పింఛను ఫారం పట్టుకొని నిలబడే ఉంది. ఆవిడ కాగితం బయటికి వచ్చింది. ఆ తర్వాత నా ఫోనుని గోడ మీది పాస్‌వర్డుతో కలిపి లాప్‌టాప్ ఫోల్డరు తెరవబోయాను. తెరుచుకోలేదు. అప్పుడు గానీ టీ తాగలేదు మేం.

"రెండో వైఫై డబ్బా పెడితే చెప్పు బావా" అన్నాను వచ్చేటప్పుడు. డబ్బాలు రెండైతే, ఒకదాని కింద ఉన్న ఫోను, రెండోదాని కింద ఉన్న లాప్‌టాప్‌ని మధ్యలోని తీగ గుండా అందుకోవచ్చు. ఈ టిక్కు తన డబ్బా లోపలే కాపలా కాస్తుంది.