తీజ్ వీడియోలు జిప్ చేస్తే ఎందుకు తగ్గవు? ఏం చేస్తే తగ్గుతయి?



గొల్లపల్లి దిక్కు తండాల్లో తీజ్‌కు తీసిన వీడియోలు గ్రూపులో పెట్టమని చాలామంది అడుగుతున్నరు. ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పోసి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసుకుంట పాడిన పాటలు అవి. పంపుదామంటే ఫైలు పెద్దగ ఉంది, రోజు డేటా అందులోనే అయిపోతది. ఒక తమ్ముడు పన్నెండు నిమిషాల వీడియోను జిప్ చేసి చూసిండు. ముందు 1,530 ఎంబీ, జిప్ అయినంక 1,524 ఎంబీ. "అన్నా, ఈ యాప్ మంచిది కాదా, వేరేది ఏమన్న ఉందా?" అని అడిగిండు. యాప్ మంచిదే. వేరే ఏ జిప్ యాప్ పెట్టినా దాదాపు గంతే వస్తది. ఎందుకో హాస్టల్ రూంలో మేము నలుగురం కూర్చొని లెక్క వేసినం, అదే ఇక్కడ రాస్తున్నం.

జిప్ చేసే పని ఏందంటే, ఫైలులో మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలను వెతుకుతది. ఒకసారి వచ్చిన ముక్క ఇంకోసారి వస్తే మొత్తం రాయకుండ, "ఇంత వెనక్కి పోయి ఇన్ని అక్షరాలు తెచ్చుకో" అని చిన్న గుర్తు పెడతది. అట్లనే ఎక్కువసార్లు వచ్చేదానికి పొట్టి కోడ్, అరుదుగ వచ్చేదానికి పొడుగు కోడ్ ఇస్తది. తెరిచినప్పుడు ఒక్క అక్షరం కూడ పోకుండ మొత్తం తిరిగి రావాలె, అది దాని నియమం. స్కాలర్‌షిప్ పేర్ల లిస్టు తీసుకోండి. అందులో "గొల్లపల్లి మండలం, జగిత్యాల జిల్లా" అని మూడు వందల సార్లు ఉంటది. గసుంటి ఫైలు జిప్ చేస్తే బాగా చిన్నగైతది.

వీడియో సంగతి వేరు. కెమెరా చూసింది చూసినట్టు దాచుకుంటే ఎంతైతదో చూడండి. 1080పి బొమ్మ ఒకటి అడ్డం 1920, నిలువు 1080 చుక్కలు. ఒక్కో చుక్కకు సగటున ఒకటిన్నర బైటు వేసుకుంటే బొమ్మకు 3.1 ఎంబీ. సెకనుకు 30 బొమ్మలు, అంటే 93 ఎంబీ. పన్నెండు నిమిషాలకు 67 జీబీ దాటుతది. మరి తమ్ముని ఫోన్‌లో ఉన్నది 1.5 జీబీయే కదా? మిగతాది రికార్డు చేస్తున్నప్పుడే ఫోన్ తీసేసింది. నలభై నాలుగు వంతుల్లో ఒక వంతే మిగిలింది.

అది ఎట్ల తీస్తదంటే, ఒక బొమ్మను పూర్తిగ దాచి, తర్వాతి బొమ్మల్లో మారినదే రాసుకుంటది. వెనుక ఉన్న వేపచెట్టు కదలలేదనుకోండి, దాన్ని మళ్ళీ రాయదు. మన కంటికి తెలవని సన్న వివరాలను వదిలేస్తది. చివరకు మిగిలినదానికి జిప్ చేసేటట్టే పొట్టి కోడ్, పొడుగు కోడ్ కూడ వేస్తది. అందుకే ఇగ మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలేం మిగలవు. రసం తీసిన చెరుకు పిప్పిని మళ్ళీ గానుగలో పెట్టినట్టే. ఫోటోలు, పాటల ఎంపీ3లు కూడ గిదే తీరు. పది వీడియోలను ఒక్క ఫైలు కింద కట్టడానికి జిప్ పనికొస్తది, సైజుకు మాత్రం కాదు.

మరి సైజును ఏం నిర్ణయిస్తది? బిట్‌రేట్. అంటే ఒక్కో సెకను వీడియోకు ఎన్ని బిట్లు ఖర్చు పెడుతున్నమో అది. సైజు అంటే బిట్‌రేట్‌ను సెకన్లతో గుణించి, 8తో భాగించుడే. తమ్ముని వీడియో సెకనుకు 17 మెగాబిట్లు, 720 సెకన్లు. 17 × 720 ÷ 8 = 1,530. సరిగ్గ సరిపోయింది చూడండి. ఫోన్ అంత ఎక్కువ ఎందుకు పెడతదంటే, అప్పటికప్పుడు, వేడెక్కకుండ, బ్యాటరీ తినకుండ చెయ్యాలె కాబట్టి తొందర తొందరగ పని కానిస్తది. కంప్యూటర్‌కు అంత తొందర లేదు, నిదానంగ చూసుకొని తక్కువ బిట్లలోనే మంచి బొమ్మ ఇస్తది.

చిన్న స్క్రీన్ మీద చూడడానికి 720పి, సెకనుకు 2 మెగాబిట్లు చాలు. 2 × 720 ÷ 8 = 180 ఎంబీ. పాట వినాలె కాబట్టి శబ్దానికి 128 కిలోబిట్లు ఉంచినం, అది ఇంకో 11.5 ఎంబీ. మొత్తం 190 చిల్లర. 1,530 ఉన్నది ఎనిమిదో వంతుకు వచ్చింది. కాలేజీ ల్యాబ్‌లో ఇట్ల చేసినం:

```
ffmpeg -i teej.mp4 -vf scale=-2:720 -c:v libx264 -b:v 2000k -preset slow -c:a aac -b:a 128k teej_small.mp4
```

ఫోన్ నిలువుగ పట్టి తీసిన వీడియో అయితే `scale=-2:720` పెట్టకండి, బొమ్మ మరీ సన్నగై మసకబారుతది. అక్కడ `scale=720:-2` అని రాయాలె. కమాండ్లు వద్దనుకునేవాళ్ళు HandBrake అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో `Fast 720p30` ఎంచుకుంటే చాలు. కానీ అందులో మనం చెప్పేది సైజు కాదు, నాణ్యత. సైజు ఎంత వస్తదో వీడియోలో ఉన్న కదలికను బట్టి ఉంటది.

ఈ కదలిక సంగతి మేము అనుకోలేదు. నాయకమ్మ కూర్చొని పాడిన వీడియో, ఆడపిల్లలు గుండ్రంగ తిరుగుతూ ఆడిన వీడియో రెండిటికీ ఒకే నాణ్యత పెడితే ఆటది చాలా పెద్దగ వచ్చింది. అద్దాల గాగ్రాలు తిరుగుతుంటే ప్రతి బొమ్మల ప్రతి చుక్క మారుతది మరి. రాత్రి తీసినవి ఇంకా కష్టం. చీకట్లో కెమెరా సన్న ఇసుక చల్లినట్టు గరుకు చుక్కలు పుట్టిస్తది, అవి బొమ్మ బొమ్మకూ మారుతయి, వాటికి కూడ బిట్లు పోతయి. ఆటకు 2 మెగాబిట్లు పెడితే గాగ్రా అంచుల కాడ చదరాలు చదరాలుగ పగులుతది. గట్ల కనిపిస్తే 3 కానీ 4 కానీ పెట్టండి. వచ్చేసారి తీసేటప్పుడు ఫోన్‌ను చేతిలో పట్టకుండ గోడ మీదనో కుర్చీ మీదనో ఆనించి తీయండి. చెయ్యి వణికితే కదలని వేపచెట్టు కూడ కదిలినట్టే లెక్క.

హెచ్.265 అని కొత్త పద్ధతి ఉంది, అదే నాణ్యతకు దాదాపు సగం సైజు. కానీ పాత ఫోన్లలో కొన్నిట్ల ఆడదు. తండాలో అందరూ చూడాలంటే హెచ్.264 నే నయం.

ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్తున్నం. జిప్‌లో ఏం పోదు, గీ తగ్గించుడుల పోయింది మళ్ళీ రాదు. 190 ఎంబీది తీసుకొని మళ్ళీ 1,530 చేసినా పోయిన వివరం తిరిగి రాదు, సైజే పెరుగుతది. తగ్గించినదాన్ని మళ్ళీ తగ్గిస్తే ఇంకా పాడైతది. వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి వీడియోగ పంపితే అది తనంతట తాను ఇంకోసారి పిండుతది. డాక్యుమెంట్‌గ పంపితే 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టే పోతది. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఈ పాటలు పాడే యాడీల నోట్లో ఉన్నయి, లేకుంటే ఈ ఫైళ్ళలో ఉన్నయి. స్టోరేజ్ నిండిందని ఒరిజినల్ డిలీట్ చేసి చిన్నదే ఉంచుకోకండి.

పాట ఒక్కటే కావాలనుకునేవాళ్ళకు వీడియో అక్కర్లేదు. ఈ కింది కమాండ్ శబ్దాన్ని ముట్టుకోకుండ అట్లనే బయటికి తీస్తది, నాణ్యత ఏం తగ్గదు, వీడియో కంటే ఎంతో తక్కువ సైజుల పని అయితది:

```
ffmpeg -i teej.mp4 -vn -c:a copy teej_pata.m4a
```

తీజ్ వీడియోల ఒరిజినల్స్ పెన్‌డ్రైవ్ మీద ఎవరి దగ్గర ఉన్నయో కింద కామెంట్‌లో తండా పేరుతో సహా రాయండి. రెండు కాపీలు వేర్వేరు చోట్ల ఉన్నయని తేలినంకనే గ్రూపులో చిన్నవి పెడతం.