ఎక్కడ ‘నేను’, ఎక్కడ ‘మేం’

మా వైస్ ప్రెసిడెంటుగారు చదివిన ఇంజనీరింగ్ కాలేజీ రజతోత్సవ సంచికకి ఆవిడ పరిచయం కావాలన్నారు. తెలుగులో, 150 మాటల్లో, ఆవిడే ‘నేను’ అంటూ రాసుకున్నట్టు. పుస్తకాల మీద ఏవో రాస్తుంటానని తెలిసి ఆ పని నాకు తగిలించారు. ఆవిడ క్యాలెండర్లో దొరికింది 20 నిమిషాలు, అదీ రెండు మీటింగుల మధ్య.

టైము ఇంత తక్కువున్నప్పుడు ఏవి అడగకూడదో ముందు తేల్చుకోవాలి. పుట్టిన ఊరు, డిగ్రీ ఏడాది, పాత హోదాలు ముందురోజే సెక్రటరీ దగ్గర తీసేసుకున్నాను. “మీ విజయ రహస్యం?” లాంటివీ పక్కన పెట్టాను. అలాంటి వాటికి జవాబులు వేదికల మీద చెప్పీ చెప్పీ అరిగిపోయి ఉంటాయి. అడగాల్సింది ఏదో ఒక్క రోజు గురించి. రికార్డింగుకి ఒప్పించి, “ఇవాళ్టితో ఉద్యోగం పోయిందనుకున్న రోజేదైనా ఉందా మేడమ్?” అన్నాను.

ఆవిడ నవ్వి, ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది సంగతి చెప్పారు. “రాత్రి ఒంటిగంటకి ప్రొడక్షన్ డేటాబేస్‌లో తప్పు టేబుల్ డిలీట్ చేశాను. టెస్ట్ అనుకున్నాను. కాదు. బ్యాకప్ తెచ్చి పొద్దున ఆరింటికి మేం నిలబెట్టాం. అంతే.”

ఇంటికెళ్ళి రికార్డింగంతా ఉన్నదున్నట్టు టైపు చేశాను. విసుగు పనే. కానీ నోట్సు రాసుకుంటే వాళ్ళ సంగతులు మన వాక్యాల్లోకి వచ్చేస్తాయి. టైపు చేశాకే కనబడింది: పొరపాటు దగ్గర ‘నేను’, సరిదిద్దిన చోట ‘మేం’. మిగతా కబుర్లలోనూ అదే వరస. పొట్టి వాక్యాలు, చివర ఓ ‘అంతే’. ‘అంటే ఏంటంటే’లన్నీ తీసేసి, ఎనిమిది ‘అంతే’ల్లో ఒక్కటి ఉంచాను. అన్నీ ఉంచితే మిమిక్రీ అవుతుంది.

డ్రాఫ్టు కమ్యూనికేషన్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చేసరికి ‘నా దార్శనిక నాయకత్వంలో సంక్షోభాన్ని అధిగమించాం’ అయింది. టేబుల్ మాయం. క్లయింట్లు చదువుతారని వాళ్ళ భయం, అదీ నిజమే. కానీ ఆ వాక్యం కింద ఏ వైస్ ప్రెసిడెంటు పేరైనా పెట్టుకోవచ్చు.

నేను వాదించలేదు. పేరు ఆవిడది, నిర్ణయమూ ఆవిడదే. రెండు కాపీలూ ముందుపెట్టి, పైకి చదవమన్నాను. తనది కాని మాట దగ్గర ఎవరికైనా నాలుక తడబడుతుంది. ‘దార్శనిక’ దగ్గర ఆవిడ రెండుసార్లు ఆగి, ఆ కాగితం పక్కకి నెట్టేశారు.

నా కాపీలోనూ ఒకచోట ఆగారు. “ఆరు కాదండీ, ఆరూ నలభై. అప్పటికే క్లయింటు ఫోన్ వచ్చేసింది. ఎత్తింది నేనే. అది కూడా రాయండి.”