పని ముందు, మనిషి తర్వాత

జనగామలో నాది కరెంటు, ప్లంబింగ్ సామాన్ల దుకాణం. ఏడేళ్లు ఒక్కడినే నడిపాను. షట్టర్ ఎత్తేదీ, వైరు కొలిచేదీ, బిల్లు రాసేదీ నేనే. "ఒక పిలగాణ్ని పెట్టుకోరాదె సేటూ" అని మేస్త్రీలు పోరితే దూరపు చుట్టాల అబ్బాయిని పెట్టుకున్నాను. ఏ పని చేయాలో చెప్పలేదు. జీతం మాట ఎత్తితే "ముందు పని నేర్చుకో, చూద్దాం" అన్నాను. తొమ్మిదో రోజు వాళ్ల నాన్న వచ్చి "ఎంతిస్తవో చెప్పు బిడ్డా" అని అడిగాడు. నా మనసులో పది వేలుంది, వాళ్ల మనసులో పదిహేను. తొమ్మిది రోజుల కూలి లెక్కగట్టి ఇచ్చాను. అబ్బాయి మళ్లీ రాలేదు, చుట్టరికం కూడా పలచబడింది. తప్పు ఆ అబ్బాయిది కాదు. ఏ పనికి మనిషి కావాలో నాకే తెలియకుండా మనిషిని తెచ్చుకున్నాను.

ఈసారి ముందు నోటు పుస్తకం పెట్టాను. పన్నెండు పని దినాలు రెండే సంగతులు రాశాను: సరుకు తీసుకోకుండా వెళ్లిపోయిన వాళ్లు ఎవరు, ఏం అడిగారు అనేది ఒకటి, నేను గల్లా వదిలి వెళ్లలేక ఆగిపోయిన పని ఏది అనేది రెండోది. లెక్క చూస్తే నేననుకున్నది తలకిందులైంది. నేను డెలివరీకి కుర్రాడు కావాలనుకున్నాను. పుస్తకంలో మాత్రం 61 మంది కౌంటర్ దగ్గర నిలబడి విసిగి వెళ్లిపోయారు. అందులో ఎక్కువ మంది పొద్దున పదకొండు లోపు, సాయంత్రం ఐదు తర్వాత వచ్చినవాళ్లే. ఆగిపోయిన పనుల్లో పెద్దది సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి ఫిట్టింగులు నేరుగా కొనుక్కోవడం. అంటే నాకు కావలసింది బండి నడిపే మనిషి కాదు, చిట్టీ చదివి సైజు తప్పకుండా సరుకు తీసిచ్చే మనిషి.

జీతం కూడా ఆ పుస్తకంలోంచే వచ్చింది. వెళ్లిపోయినవాళ్లు అడిగిన సరుకు విలువ రోజుకు సగటున 2,300 రూపాయలు. నెలకు 26 రోజులు వేసుకుంటే దాదాపు 60,000. నా దుకాణంలో సగటు మార్జిన్ 14 శాతం, అంటే 8,400. నెలకు లక్షన్నర సరుకు రాణిగంజ్‌లో కొంటే రవాణా పోను 4 శాతం మిగులుతుంది, అది 6,000. రెండూ కలిపితే 14,400. అందుకే జీతం 14,000 అనుకున్నాను. ఈ లెక్క వేయకుండా 14,000 ఇచ్చి ఉంటే, కేవలం అమ్మకాల మీద దాన్ని రాబట్టడానికి నెలకు లక్ష రూపాయల కొత్త వ్యాపారం కావలసి వచ్చేది. దుకాణాలకు ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కూడా చూసుకున్నాను. అందులో కరువు భత్యం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మారుతుంది కాబట్టి ఆ రెండు నెలల్లో మళ్లీ సరిచూసుకోవాలని గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాను.

తెలిసినవాళ్లకు చెబితే ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ ఒకే పరీక్ష పెట్టాను, అరగంట. ఒక మేస్త్రి రాసిన పాత చిట్టీ ఇచ్చి సరుకు తీసి బల్ల మీద పెట్టమన్నాను: అరంగుళం సీపీవీసీ ఎల్బోలు పది, బ్రాస్ ఎల్బోలు నాలుగు, టీలు మూడు, ఒక సొల్యూషన్ డబ్బా. ఇందులో ఒక చిక్కుంది. వేడినీళ్ల లైన్‌కు వేసే లేతపసుపు సీపీవీసీ పైపు, చన్నీళ్ల లైన్‌కు వేసే తెల్ల యూపీవీసీ పైపు రెంటినీ "అరంగుళం" అనే అంటారు. కానీ మొదటిదాని బయటి కొలత దాదాపు 16 మిల్లీమీటర్లు, రెండోదానిది 21. ఒకదాని ఎల్బో రెండోదానికి ఎక్కదు, సొల్యూషన్ కూడా వేరు. కొత్తవాళ్లకు ఇది తెలియాలని నేను ఆశించలేదు. తెలియనప్పుడు ఏం చేస్తారో చూడాలనుకున్నాను. మొదటి ఇద్దరూ గబగబా తెల్ల ఎల్బోలు తెచ్చి పెట్టారు. మూడో మనిషి, మెడికల్ షాపులో రెండేళ్లు చేసిన అమ్మాయి, రెండు రకాల ఎల్బోలు చేతిలో పట్టుకొచ్చి "అన్నా, రెండింటి మీద అరంగుళమే ఉంది, ఏది కావాలె?" అని అడిగింది. అడిగే మనిషికి ఆరు వారాల్లో సరుకు నేర్పొచ్చు. ఊహించి ఇచ్చే మనిషి వల్ల తిరిగొచ్చే సరుకూ, పోయే మేస్త్రీ ఎక్కువ.

ఆ అమ్మాయినే తీసుకున్నాను. తను చేరకముందే తెలుగులో ఒక పేజీ రాసి రెండు ప్రతులు చేశాను. ఒకటి తనకు, ఒకటి నాకు. చేరే తేదీ, పని, జీతం, ప్రతి నెలా 5లోపు బ్యాంకు ఖాతాలో వేస్తానన్న మాట, ఆదివారం సెలవు, అడ్వాన్స్ తీసుకుంటే నెలకు వెయ్యికి మించి కోయననే షరతు. పని వేళలు తొమ్మిది నుంచి ఒంటిగంట, మూడున్నర నుంచి ఏడున్నర. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. చట్టం హద్దు కూడా అదే. మధ్యాహ్నం గిరాకీ ఎలాగూ ఉండదు, తన ఇల్లు రెండు వీధుల అవతలే. ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు, ఒక ఫొటో, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు తీసుకున్నాను. సర్టిఫికెట్ల అసలు ప్రతులు మాత్రం పెట్టుకోలేదు, అవి తనవి. హాజరు పుస్తకం, జీతాల పుస్తకం మొదలుపెట్టాను. దుకాణం రిజిస్ట్రేషన్‌లో ఉద్యోగుల సంఖ్య ఒకటి అని మార్పించాను. ఒక్క మనిషి ఉన్న నాలాంటి దుకాణానికి పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించవు. అందుకే ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో తన బ్యాంకు ద్వారా చేరమని చెప్పి, ఆ డబ్బు నేనిచ్చాను. అది ప్రమాదానికే, జబ్బు ఖర్చుకు పనికిరాదు. ఆ సంగతి కూడా తనకు విడమరిచి చెప్పాను.

ట్రయల్ మూడు నెలలు, పూర్తి జీతంతో. మొదటి నెల సరుకు గుర్తుపట్టడం, రెండో నెల బిల్లు, మూడో నెల గల్లా. నెలాఖరున ఇద్దరం కూర్చుని తిరిగొచ్చిన సరుకు లెక్క చూసేవాళ్లం. మొదటి నెల పద్నాలుగు సార్లు వచ్చింది, మూడో నెల రెండు సార్లు. మూడు నెలలే ఎందుకంటే, ఆరు నెలలు విడవకుండా పనిచేసిన మనిషిని తీసేయాలంటే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం సరైన కారణం చూపాలి, లేదా నెల ముందు రాసి ఇవ్వాలి, లేకుంటే నెల జీతం కట్టాలి. ఆ గడువు దాకా నాన్చి, ఐదో నెల చివర పొమ్మనడం మనిషి బతుకుతో ఆడుకోవడమే. కుదరకపోతే ఆ మాట మూడో నెలలోపే చెప్పాలి.

మూడో నెలాఖరున "ఖాయం చేసుకుందాం చెల్లె" అని కాగితం తీశాను. ఆ అమ్మాయి చదివి, పెన్ను పట్టుకుని ఆగింది. "అన్నా, ఇందులో ఒక్కటి లేదు. పైపుల లోడు వచ్చినప్పుడు నేను కూడా దింపుతున్న. నడుము పట్టేస్తున్నది" అంది. అవును, మూడు మీటర్ల పైపుల కట్టలు పదేసి దింపుతుంటే లోడు వచ్చినప్పుడల్లా చూశాను, ఒక్కసారీ ఆలోచించలేదు. నా పన్నెండు రోజుల పుస్తకంలో లోడు వచ్చిన రోజే పడలేదు. "లోడు దింపే పని ఉద్యోగిది కాదు, హమాలీతో చేయించాలి" అని రెండు ప్రతుల మీదా రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. హమాలీకి నెలకు 800 అవుతోంది. ఆ ఖర్చు మొదటి లెక్కలోనే ఉండవలసింది.