అవ్వ ఎవరు?

జులై 3
కరీంనగర్ కథ ఇంగ్లీషు చేయడం మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే ఒక అవ్వ. తెల్లారకముందే నాట్లకు పోతుంది. మా తెనాలి వైపు అవ్వంటే ముసలావిడే కాబట్టి ధైర్యంగా 'గ్రాండ్‌మదర్' అని రాసుకుంటూ పోయాను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ అవ్వ చంటిపిల్లకు పాలిచ్చింది. కలం ఆగిపోయింది.

జులై 4
రచయితకు ఫోన్ చేశాను. "మా దిక్కు అవ్వంటే తల్లి సార్, బాపంటే తండ్రి" అని నవ్వాడు. సీమలోనేమో అవ్వంటే మళ్లీ నానమ్మో అమ్మమ్మో. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం తీశాను. 1962లో వచ్చిన ఆ మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. కథలోని నాగలి మాటలకు పనికొచ్చింది గానీ చుట్టరికాలకు రచయితే దిక్కు.

జులై 9
"అన్న పట్నంలకెల్లి వచ్చిండు." అన్న పట్నం వెళ్లి వచ్చాడని రాశాను. అంటే ఊళ్లో ఉండేవాడు ఏదో పని మీద పోయి తిరిగొచ్చాడన్నమాట. మరి తర్వాతి పేరాలో అతను సెలవు అయిపోయిందని బస్సెక్కడమేమిటి? అసలు సంగతి, వాళ్ల 'కెల్లి' మన 'నుంచి'. అన్న కాపురమే పట్నంలో. పట్నమంటే కూడా ఏదో ఒక టౌను కాదు, హైదరాబాదు. తెలియని మాటైతే అడుగుతాం. తెలిసినట్టు కనిపించే మాటే ముంచుతుంది.

జులై 15
"తిన్నవానే బాపూ?" ఈ ఒక్క వాక్యంతో రెండు రోజులు గడిచాయి. మా ఇళ్లలో 'ఏమే' అనేది ఆడవాళ్లనే, అదీ బాగా చనువుంటేనే. ఇక్కడ కొడుకు తండ్రిని ప్రేమగా అడుగుతున్నాడు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. 'హావ్ యూ ఈటెన్, ఫాదర్' అంటే చర్చిలో పాదిరీని పలకరించినట్టుంది. యాస తెలియాలని ఇంగ్లీషు మాటల చివరి అక్షరాలు కొరికి చూశాను. పైకి చదివితే బాపు అమెరికా దక్షిణాదిలో పత్తి ఏరుతున్నాడు! కొట్టేశాను. చివరికి మామూలు ఇంగ్లీషే, పొట్టి వాక్యాలు. బాపు బాపుగానే, అవ్వ అవ్వగానే ఉంటారు. ఆ 'నే' మాత్రం పోయింది. దానికి నా దగ్గర మందు లేదు.

జులై 16
సంపాదకురాలు అవ్వకు పుట కింద అర్థం ఇమ్మంది. వద్దన్నాను. పాలిచ్చే చోటు చదివిన వాళ్లకు అవ్వెవరో తెలుస్తుంది. రాత్రి ప్రతి మొత్తం మళ్లీ చూశాను. గ్రాండ్‌మదర్ ఇంకా రెండు చోట్ల ఉంది, 11వ పేజీలో ఒకటి, 14లో ఒకటి. రేపు దిద్దాలి.