చదవడం రాని నానీ

ఆపా, నేను కలిసి ఒక ఖిస్సా రాస్తున్నాం. ఆపా అంటే మా పెద్ద ఖాలా కూతురు. ఒక కిస్తు తను రాస్తే తర్వాతిది నేను. మొత్తం 12 కిస్తులు. ప్రతి జుమా రోజు ఖాందాన్‌లో ఓ నలభై మంది ఫోన్లకు పంపిస్తాం. ఆరు కిస్తులు వెళ్ళిపోయాక ఆపా ఒక మష్వరా ఇచ్చింది.

ముందు ఖిస్సా చెప్తాను. నానీ సందూక్‌లో ఒక ఖత్ ఉంది. నానా చనిపోయే ముందు రాసింది. మనవడు సలీం తెలుగు మీడియం పిల్లాడు, ఉర్దూ చదవలేడు. నానీకీ రాదు. అది చదివిపెట్టే మనిషి కోసం వాడు ఊరంతా తిరుగుతుంటాడు. ఈ ఇంట్లో తన బెహెన్‌కి రావలసిన హిస్సా ఇవ్వలేదని, ఇచ్చేయమని నానా అందులో రాశాడు.

"నానీకి చదవడం వచ్చని చేద్దాం ఛోటే," అంది ఆపా. "ఆమె ఆ ఖత్ ఎప్పుడో చదివేసింది. ఇల్లు పోతుందని దాచింది."

మష్వరా బలమైనదే. అప్పటిదాకా నానీ ఊరికే చూస్తూ కూర్చునే మనిషి. ఇప్పుడు ఆ హక్ దాచిన భారమంతా ఆమెదవుతుంది. కానీ చదివేవాళ్ళు ఆరు వారాలుగా ఆమెకు చదవడం రాదనే నమ్ముతున్నారు. ఆ ఏతెబార్ చెడకుండా ఎలా?

ఆరు కిస్తులూ మళ్ళీ చదివి, నానీ చదువు సంగతి వచ్చిన ప్రతిచోటా గీత గీశాం. నాలుగు తేలాయి.

రెండో కిస్తులో నానీయే అంటుంది, "నాకెక్కడొచ్చు బేటా చదవడం" అని. అది ఒక మనిషి నోటి మాట. మనిషి ఝూట్ చెప్పొచ్చు, కారణం ఉంటే చాలు. దాన్ని ముట్టుకోలేదు.

నాలుగో కిస్తులో ఆమె ఖత్‌ను తలకిందులుగా పట్టుకోవడం సలీం చూస్తాడు. అది కళ్ళకు కనిపించింది. కనిపించినదాన్ని మార్చక్కర్లేదు, అర్థం మారిస్తే సరిపోతుంది. తొమ్మిదో కిస్తులో నానీ ఒప్పుకుంటుంది: "నువ్వు గుమ్మంలోకి రావడం చూసే తిప్పాను."

చిక్కు మూడో కిస్తులో ఉంది. "నానీకి ఉర్దూ ఒక్క ముక్క చదవడం రాదు." ఈ మాట ఖిస్సాలో ఎవరూ అనలేదు, ఖిస్సా చెప్పేవాళ్ళుగా మేమే అన్నాం. చెప్పేవాడి మాట ఝూట్ అయితే ఇక చదివేవాడు దేన్ని పట్టుకోవాలి? అందుకే మార్చింది ఈ ఒక్క వాక్యాన్నే. "రాదని సలీం అనుకునేవాడు" అని రాస్తే రాజ్ అక్కడే బయటపడుతుంది. "ఒక్క ముక్క చదవలేని నానీని అడిగి ఏం లాభం అనుకుంటూ సలీం చెప్పులేసుకున్నాడు" అని రాశాం. చూపు చెప్పుల మీదికి పోతుంది, ఆ నమ్మకం సలీంది అవుతుంది.

టోల్కీన్ ఇంతకంటే పెద్ద పనే చేశాడు. 1937లో వచ్చిన 'ది హాబిట్'లో, పొడుపుకథల పందెంలో ఓడితే ఉంగరాన్ని కానుకగా ఇస్తానని గాలమ్ తనంతట తానే ఒప్పుకుంటాడు. తర్వాతి ఖిస్సా రాసేటప్పుడు ఆ ఉంగరం ఎవరూ సులువుగా వదులుకోలేని పాడు వస్తువు అయింది. 1951 ముద్రణలో ఆ అధ్యాయాన్ని మార్చాడు. పాతదాన్ని మాత్రం పారేయలేదు. అది బిల్బో మొదట్లో అందరికీ చెప్పిన ఝూట్ అని ఖిస్సాలోనే కలిపేశాడు. పాత పుస్తకం ఇంట్లో ఉన్నవాడికి కూడా చోటు దొరికింది.

మా పాత కిస్తులు కూడా అందరి ఫోన్లలో ఉన్నాయి. రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి చూసినా, జరిగిందేదీ మారలేదనిపించాలి. అదే మా హద్దు. నానాను బతికిద్దామా అని కూడా ఆపా అడిగింది. వద్దన్నాను. మొదటి కిస్తులో ఆయన జనాజాకు మనవాళ్ళు ఏడ్చారు. ఏడ్చిన చోట తర్మీమ్ చేయకూడదు.

నాలుగోది మిగిలింది. ఐదో కిస్తులో నానీ పింఛను కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. ఆ సీన్ గురించి చాచీ నాకు ఫోన్ చేసి మరీ మాట్లాడింది. ఒకరు నోరు విప్పి మాట్లాడిన చోటును చాటుగా మార్చలేం. జవాబు ఖిస్సాలోనే రావాలి. అదే ఆపాను అడిగితే, "మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు చదవడం నేర్పారు, కలం ఎక్కడిచ్చారు?" అంది. తొమ్మిదో కిస్తులో నానీ చేత అదే చెప్పించాం: చదవగలదు, రాయడం ఎవరూ నేర్పలేదు, సంతకం రాదు.

ఆ జుమా రాత్రి చాచీ నుంచి మెసేజ్ వచ్చింది. "వేలిముద్ర వేసిందిగా అని వెనక్కి వెళ్ళి చూశాను. సరిగ్గానే ఉంది. మా అమ్మీ కూడా అంతే బేటా. అన్నీ చదివేది. ఉత్తరం మాత్రం నా చేత రాయించేది."