అత్త చేతి గాజు

మట్టి గాజు పగిలిందని మా ఇండ్లల్లో అనరు. 'గాజు పెరిగింది' అంటారు. బియ్యం అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అన్నట్టు, దీపం ఆరింది అనకుండా కొండెక్కింది అన్నట్టు. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు ఇలాంటి మాటలన్నీ ఒక పాఠంలా చదువుకున్నాం. పరీక్షలో రాసి మరిచిపోయాను. ఆ మాట వెనక ఎంత భయం ఉంటుందో మా వదిన చేతికి బిగిసిన ఒక్క గాజు దగ్గర తెలిసింది.

వదిన అంటే మా ఆయన అక్క. ఆమె భర్త పోయి తొమ్మిదేళ్లు. పదో రోజు ఏం చేస్తారో మీకు తెలుసు. ఆ రోజు ఎవరో పెద్దామె గాజుల మీద రాయి కొంచెం గట్టిగా కొట్టింది. గాజు ముక్క దిగి ఎడమ మణికట్టు మీద చిన్న మచ్చ పడింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు వదిన చేతులు బోసిగానే ఉన్నాయి. పోయిన బతుకమ్మకు మా అమ్మాయి వాళ్ల అత్త చెయ్యి పట్టుకుని గండిమైసమ్మ చౌరస్తాలో గాజుల షాపుకు తీసుకుపోయింది. దానికి పద్నాలుగేళ్లు, పట్టిన పట్టు విడవదు. "నాకెందుకు బిడ్డా" అని వదిన, "నాకోసం అత్తా" అని ఇది. చివరికి ఆకుపచ్చ గాజులు, చేతికి రెండేసి వేయించుకుని వచ్చింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మా అత్తగారు బతికుంటే ఏమనేదో కానీ.

ఆ నాలుగింటిలో మూడు మామూలు పనుల్లోనే పెరిగిపోయాయి. బోరింగు దగ్గర ఒకటి, బట్టలు పిండుతుంటే రెండు. కుడి చేతికి ఒక్కటి మిగిలింది.

ఈ ఆషాఢంలో వదినకు పిత్తాశయంలో రాళ్లని తేలింది. ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం బహదూర్‌పల్లికి మా ఇంటికి వచ్చింది, పొద్దున ఆసుపత్రికి ఇక్కడి నుంచైతే దగ్గర అని. ఒంటి మీద ఏ నగా ఉండొద్దని, మట్టి గాజులు కూడా తీసి రమ్మని చెప్పారట. చేతికి సూది పెట్టి సెలైన్ ఎక్కిస్తారు, ఆపరేషన్ తర్వాత చెయ్యి ఉబ్బొచ్చు, మత్తులో ఉన్న మనిషి చెయ్యి ఎక్కడైనా తగిలి గాజు విరిగితే ముక్కలు గుచ్చుకుంటాయి. కారణం సబబే.

కానీ గాజు రాదు. మధ్యాహ్నం నుంచి వాళ్ల ఇంట్లో సబ్బు రాసి, షాంపూ రాసి, లాగి లాగి వచ్చింది. బొటనవేలి మొదలు ఎర్రగా కందిపోయింది, చెయ్యి వెనక వాపు. మా ఆయన చూసి, "దీనికింత గోలెందుకక్కా, గుడ్డ చుట్టి ప్లయర్‌తో ఒక్క నొక్కు నొక్కితే అయిపోతది" అని టూల్‌బాక్స్ తెచ్చాడు. ఆయన మాటలో తప్పేం లేదు. వదిన మాత్రం చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. "మల్ల పలగ్గొట్టకుండ్రి" అంది. అంతే. రేపు కత్తి కింద పడుకోబోయే మనిషి, ఈ రాత్రి మళ్లీ అదే చప్పుడు వినాలా?

మా అమ్మాయి ప్లయర్ తీసుకుపోయి ఫ్రిజ్ మీద పెట్టి వచ్చింది. తర్వాత గాజుల షాపామెకు ఫోన్ చేసింది. ఆమె చెప్పింది ఒక్కటే: "ఎట్ల ఎక్కిందో అట్లనే దిగుతది. గుంజకుండ్రి. వాపు దిగేదాకా ముట్టకుండ్రి."

అసలు ఎలా ఎక్కింది? ఇక్కడ గాజుల కొలత కొంచెం చెప్పాలి. 2.4, 2.6, 2.8 అంటామే, ఆ చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతులు. 2.6 అంటే లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల ఆరు పదహారో వంతులు. అందుకే 2.8 తర్వాత 2.10 వస్తుంది, అది 2.8 కంటే పెద్దది. ఒక్క సైజు తేడా చూస్తే మూడు మిల్లీమీటర్లే. కానీ చుట్టుకొలతలో దాదాపు ఒక సెంటీమీటరు. 2.6 గాజు లోపల చుట్టూ పందొమ్మిది సెంటీమీటర్లు, 2.8 అయితే ఇరవై. వదినకు 2.8 సరిపోయేది. షాపామె చెయ్యి పిసికి పిసికి 2.6 ఎక్కించింది, బిగుతుగా ఉంటేనే చేతికి అందమని. అప్పటికీ ఇప్పటికీ వదిన ఒళ్లు కూడా కొంచెం చేసింది.

మా అమ్మాయి కుట్టుమిషన్ టేపు తెచ్చి, బొటనవేలు అరచేతిలోకి మడిపించి, వేళ్ల మొదళ్ల మీదుగా చుట్టి కొలిచింది. ఇరవై ఒకటి. అంటే గాజు కంటే చెయ్యి రెండు సెంటీమీటర్లు ఎక్కువ. చెయ్యి మెత్తనిది కాబట్టి ఒకటి వరకు నొక్కితే సర్దుకుంటుంది. రెండు సర్దుకోదు. అందుకే మధ్యాహ్నం నుంచి ఎంత సబ్బు రాసినా రాలేదు. పైగా లాగిన ప్రతిసారీ ఇంకాస్త వాచింది.

వదినను మంచం మీద పడుకోబెట్టి, చేతి కింద మూడు దిండ్లు పెట్టింది, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండేలా. కుండలో నీళ్లలో గుడ్డ తడిపి చేతికి చుట్టింది, వేడెక్కినప్పుడల్లా మార్చింది. నేను వంట చేస్తూ మధ్యలో వచ్చి చూస్తే ఇద్దరూ ఏదో సీరియల్ సంగతి మాట్లాడుకుంటున్నారు. అరగంట తర్వాత కొలిస్తే ఇరవైకి కొంచెం ఎక్కువ వచ్చింది. "ఇంకో పది నిమిషాలు అత్తా" అంది. నేనైతే అప్పుడే నూనె గిన్నె అందుకునేదాన్ని.

చెయ్యి పొడిగా తుడిచాకే నూనె. తడి మీద నూనె పట్టదు. వాడింది కొబ్బరినూనె, నాలుగైదు చుక్కలు చాలు. గాజు లోపలి అంచుకు, బొటనవేలి మొదట్లో కండకు, చిటికెన వేలి పక్క ఎముకకు. అక్కడే గాజు పట్టేది, మణికట్టంతా పూయక్కర్లేదు. తన వేళ్లు మాత్రం తుడుచుకుంది, గాజు మీద పట్టు జారకుండా.

తర్వాత గాజును మెల్లగా తిప్పుతూ గోటితో అతుకు వెతికింది. ఫిరోజాబాద్ గాజుల్లో ప్రతిదానికీ ఒక అతుకు ఉంటుంది. అక్కడ కరిగిన గాజును తిరిగే కడ్డీ మీద స్ప్రింగులా చుట్టి, ఆ చుట్టలను కోసి, విడి ముక్క కొనలు రెండూ మంట మీద కలుపుతారు. ఆ కలిపిన చోటే గాజుకు బలహీనం. మన చెయ్యి పక్కలకు వెడల్పు, మందం తక్కువ. కాబట్టి దిగేటప్పుడు గాజు మీద ఒత్తిడి ఎక్కువగా బొటనవేలి వైపు, చిటికెన వేలి వైపు పడుతుంది. అతుకును ఆ రెండు చోట్లా ఉండనివ్వకుండా చేతి వెనక వైపుకు తెచ్చి పెట్టింది. ఇది షాపులో చూసి నేర్చుకుందట. గాజులు వేయించుకునేటప్పుడు నేను రంగులు చూస్తాను, ఇది చేతులు చూస్తుంది.

"అత్తా, సన్నమూతి కుండలో చెయ్యి పెడుతున్నావనుకో." వదిన వేళ్లు దగ్గరికి చేర్చి, బొటనవేలు ఉంగరపు వేలి కిందికి మడిచింది. అమ్మాయి ఎడమ చేత్తో బొటనవేలి మొదలు అరచేతిలోకి ఒత్తి పట్టుకుని, కుడి చేత్తో గాజును ముందు చిటికెన వేలి వైపు కొంచెం జరిపింది, తర్వాత బొటనవేలి వైపు కొంచెం. లాగడం లేదు, అటూ ఇటూ నడిపిస్తోంది. ఒక వైపే ఎక్కువ లాగితే గాజు అడ్డంగా పడి విరుగుతుంది. బొటనవేలి కీలు దగ్గర ఆగింది. వదిన పళ్లు బిగపట్టింది. వెంటనే గాజును వెనక్కి మణికట్టు మీదికి తోసేసి చెయ్యి మళ్లీ దిండ్ల మీదికి. ఐదు నిమిషాలు. రెండోసారీ అక్కడే ఆగింది. నొప్పికి చెయ్యి బిగుస్తుంది, బిగిస్తే ఇంకా లావవుతుంది. అందుకని అది బలవంతం చేయలేదు.

మూడోసారికి బ్రెడ్ ప్యాకెట్ పల్చటి కవరు అడిగింది. నేను తెచ్చి ఇచ్చాను. దాన్ని చేతికి తొడుగులా వేసి, దాని అంచును గాజు కిందుగా మణికట్టు వైపుకు లాగింది. కవరు మీద రెండు చుక్కల నూనె రాసింది. ఇప్పుడు గాజు చర్మాన్ని ముడతలు పెట్టుకుంటూ రాదు, కవరు మీద జారుతుంది. "పదో ఎక్కం చదువత్తా." వదిన నవ్వింది. పది నాలుగుల దగ్గర గాజు కీలు దాటింది. దాటాక వేళ్ల మీదుగా దానంతట అదే వచ్చేసింది. మొత్తం గంటన్నర పట్టింది. మా ఆయన ఇంకా హాల్లోనే కూర్చుని ఉన్నాడు, టీవీ చప్పుడు తగ్గించుకుని.

ప్రతిసారీ ఇలాగే చేయాలని నేననను. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, కింద పడి చెయ్యి విరిగి వాచినా దిండ్లూ నూనే పనికిరావు. అప్పుడు మా ఆయన చెప్పినదే దారి. గాజు కింద నుంచి మెత్తటి గుడ్డ దూర్చి, పైన ఇంకో గుడ్డ చుట్టి, ముఖం పక్కకు తిప్పుకుని అతుకు దగ్గర ప్లయర్‌తో నొక్కడం, లేదా ఆసుపత్రిలో వాళ్లకే వదిలేయడం. ఆ రాత్రి వదిన గోళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. అమ్మాయి మధ్యమధ్యలో ఒక్కో గోరు నొక్కి వదిలి చూసింది, రక్తం వెంటనే తిరిగొస్తోందా అని.

వదిన గాజును దీపం దగ్గర పట్టుకుని చుట్టూ తడిమింది. ఎక్కడా చిట్లలేదు. ఆమె అన్నది ఒకే మాట. "ఇట్ల కూడ తీయొచ్చా బిడ్డా?"

అమ్మాయి ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసింది. ఆ పదో రోజు దానికి ఐదేళ్లు. పక్కింట్లో పడుకోబెట్టాం.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రోజు డిశ్చార్జ్ చేశారు. కుట్లు విప్పాక ఇద్దరూ మళ్లీ చౌరస్తా షాపుకు వెళ్లారు. షాపామె అలవాటు ప్రకారం 2.6 పెట్టె తీసిందట. మా అమ్మాయి టేపు తీసి బల్ల మీద పెట్టిందట. 2.8 ఆకుపచ్చవి, చేతికి ఆరేసి.