పైకి చూస్తే అవును

పోయినేడు మా మేనకోడలికి రెండుసార్లు పరీక్ష చేశారు. మొదటిది పంజాగుట్టలో, రెండోది అమీర్‌పేటలో. మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. మధ్యలో ఏడు నెలలు.

చిట్టికి ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ. ఏదైనా పట్టుకోబోతే చెయ్యి మాట వినదు, మెలి తిరిగి పక్కకు పోతుంది. మాటలు రావు. మొదటి చోట ఆమె ముందు సెగ్విన్ ఫారం బోర్డు పెట్టారు. చెక్క పలకలో పది ఆకారాల గుంటలుంటాయి, పది ముక్కల్ని వాటిలో అమర్చాలి. పట్టిన టైమ్‌ని బట్టి మానసిక వయసు లెక్కేస్తారు. చిట్టి మొదటి ముక్కే కింద పడేసింది. ‘తీవ్రమైన బుద్ధిమాంద్యం’ అని కాగితం చేతికొచ్చింది. అది చూసి స్కూలువాళ్లు సీటు లేదన్నారు. మా ఆఫీసులో ఎవరైనా కీబోర్డు పనిచెయ్యని మెషీన్‌కి ప్రాసెసర్ పోయిందని టికెట్ రాస్తే నవ్వుతాం. ఆ రోజు మాత్రం నేనూ ఆ కాగితాన్ని నమ్మేశాను.

అమీర్‌పేటలో, నేనొకప్పుడు జావా నేర్చుకున్న సందుకి రెండు సందుల అవతల, ఒక సైకాలజిస్టు గది. ఆవిడ మొదటి అరగంటా పరీక్ష జోలికే పోలేదు. చిట్టి పాదాల కింద పీట, నడుముకి బెల్టు, తలకి రెండు పక్కలా చుట్టిన టవళ్లు. “ఒళ్లు నిలబెట్టుకోడానికే బలమంతా పోతే ఆలోచించడానికి ఏం మిగులుతుందండీ?” అంది.

తర్వాత అవును, కాదు. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. జవాబు మాకు ముందే తెలిసిన ఇరవై ప్రశ్నలు కలగాపులగంగా అడిగింది. నీ పేరు చిట్టేనా? ఇది పిల్లా? నువ్వు అమ్మ కంటే పెద్దదానివా? పద్దెనిమిది కరెక్ట్. ఇంటికెళ్లి లెక్కేశాను: బొమ్మా బొరుసూ వేసి ఇరవైలో పద్దెనిమిదికి తగ్గకుండా కొట్టడం దాదాపు ఐదువేలసార్లకు ఒకసారి జరుగుతుంది. ఈ అవును-కాదు గట్టిగా కుదరకపోతే ఆ తర్వాత ఏ పరీక్ష పెట్టినా దాని స్కోరుకి అర్థం లేదట.

అసలు పరీక్ష రావెన్స్ కలర్డ్ మ్యాట్రిసెస్. ఒక డిజైన్‌లో ముక్క లేదు, కింద ఆరు ముక్కలుంటాయి, ఏది సరిపోతుందో చెప్పాలి. అలాంటివి 36. మామూలు పిల్లలు వేలితో చూపిస్తారు. ఇక్కడ ఆవిడే పెద్దవి చేసిన ముక్కల మీద ఒక్కోదాని దగ్గరా వేలుపెట్టి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగింది. చిట్టి పైకి చూస్తే ఆ ముక్క రాసుకుంది. టైమ్ లెక్క లేదు. ఇరవై నిమిషాలకోసారి ఒక తేలికైన ప్రశ్న మళ్లీ పెట్టేది. అదీ తప్పితే అలసిపోయిందని అర్థం, ఆ రోజుకి కట్టెయ్యడమే. అలా మూడు రోజులు పట్టింది.

రెండో రోజు ఆవిడ అక్కని లేపి చిట్టి వెనక కూర్చోమంది. “సరైన ముక్క దగ్గరికి రాగానే మీరు ఊపిరి బిగబడుతున్నారమ్మా.” అక్కకి ఆ సంగతే తెలీదు. మొదటి రోజు పెట్టిన ప్రశ్నలన్నీ ఆవిడ లెక్కలోంచి తీసేసి మళ్లీ పెట్టింది. అక్క మొహం మాడిపోయింది. నాకు మాత్రం ఆవిడ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

36లో 21 కరెక్ట్. ఊరికే ఊహిస్తే వచ్చేది ఆరు. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు, తప్పుల్ని పేపరు మీద గుర్తుపెట్టింది. పదిహేను తప్పుల్లో తొమ్మిదింటికి సరైన జవాబు ఎడమ చివర ఉంది. “ఇది ఆలోచన తప్పు కాకపోవచ్చు. అటువైపు కనపడట్లేదేమో.” ఆ తొమ్మిదింటి ముక్కల్ని నిలువుగా, ఒకదాని కింద ఒకటి, కుడిపక్కకి పేర్చి మళ్లీ అడిగితే ఆరు వచ్చాయి. రెండోసారి చూసినవి కాబట్టి ఆ ఆరింటినీ 21లో కలపలేదు, విడిగా రాసింది. కంటి డాక్టరుకి చూపించమంది.

‘మై లెఫ్ట్ ఫుట్’ గురించి నేనొకసారి పెద్ద వ్యాసమే రాశాను. అందులో క్రిస్టీ బ్రౌన్‌కి మాట వినే ఎడమ కాలైనా ఉంది. ఆ కాలూ లేకపోతే ఏమిటన్నది ఆ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

రిపోర్టులో ఐక్యూ అంకె లేదు. ఈ పరీక్ష పట్టికలు వేలితో చూపించగల పిల్లలతో తయారయ్యాయి, పద్ధతి మార్చాక ఆ అంకె చెల్లదు, కాబట్టి ‘కనీసం ఇంత’ అనే చెప్పగలం అని రాసింది. బొమ్మల మీద ఆలోచించడంలో ఏడేళ్ల పిల్లల్లో కలిసిపోయేలా ఉంది. మాటల్ని ఎంత అర్థం చేసుకుంటుందో ఈ పరీక్ష చెప్పదు, దానికి ఇంకోటి కావాలి. “అంకె వెయ్యకపోతే స్కూలువాళ్లు చూడరేమో మేడమ్” అన్నాను. “వేస్తే అది అబద్ధమవుతుంది కదండీ” అంది.

స్కూలు నుంచి ఇంకా ఫోన్ రాలేదు. అక్క మాత్రం ఇప్పుడు పొద్దున్నే రెండు గౌన్లు పట్టుకుని, ఒక్కోటీ చూపించి ఆగుతోంది. వారం నుంచీ పచ్చదే.